మంచం కింద పిండి: అది చెద కాదు, పుచ్చు

మా అక్క వాళ్లు కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటారు. 2022 శ్రావణంలో గృహప్రవేశం చేసుకుని, ఆ నెలలోనే ఒక టేకు మంచం చేయించుకున్నారు. తొమ్మిది నెలలు తిరక్కముందే, ఏప్రిల్లో, ఇల్లు ఊడ్చే ఆమె మంచం కింద రెండు చోట్ల చిన్న చిన్న కుప్పలుగా పడిన లేత గోధుమరంగు పిండిని చూపించింది. తుడిచేశారు. నాలుగు రోజులకి సరిగ్గా అదే చోట మళ్లీ పడింది.

చెద పట్టిందన్నారు చూసినవాళ్లంతా. మందు కొట్టేవాళ్లని పిలిపించారు. వాళ్లు వచ్చి పడకగది గోడల అంచు వెంట అడుగుకొకటి చొప్పున టైల్సుకి కన్నాలు వేసి, వాటిలో మందు పోసి, తెల్ల సిమెంటుతో పూడ్చి, ఐదేళ్ల గ్యారంటీ రాసిచ్చి వెళ్లారు. వానాకాలంలో పిండి రాలడం తగ్గింది. మందు పనిచేసిందనుకున్నారు. మరుసటి ఏప్రిల్లో ఐదు చోట్ల కుప్పలు పడ్డాయి.

ఆ మందు కల్తీది కాదు, పోసినవాళ్లు పని ఎగ్గొట్టనూ లేదు. కాకపోతే అది నేలలోంచి వచ్చే పురుగుని ఆపడానికి పోసే మందు. అక్క మంచంలో ఉన్నది నేలతో ఏ సంబంధమూ లేని వేరే పురుగు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్ల ఎన్నో ఇళ్లలో డబ్బు పోతోంది, దానికన్నా ముఖ్యంగా పడుకునే గదిలోకి అక్కర్లేని విషం వచ్చి చేరుతోంది.

చెద సంగతి ముందు చూద్దాం. చెదపురుగుది గుంపు బతుకు. మన ఇళ్లకు పట్టే చెదలో ఎక్కువ భాగం కాపురం ఉండేది కర్రలో కాదు, మట్టిలో. రాణి, కాపలా పురుగులు, వేల లక్షల్లో పనిచేసే పురుగులు అంతా నేల కిందో పుట్టలోనో ఉంటారు. మన తలుపూ, బీరువా వాటికి మేతకి వెళ్లే పొలం లాంటివి. పనిచేసే చెదపురుగు ఒళ్లు చాలా మెత్తన, పొడిగాలి తగిలితే ఎండి చచ్చిపోతుంది. అందుకే అది ఎప్పుడూ బయటపడదు. మట్టినీ ఉమ్మినీ కలిపి సొరంగంలాంటి దారి కట్టుకుని, ఆ చీకట్లోనే, ఆ తేమలోనే నడుస్తుంది. గోడ మీద కనిపించే మట్టి గీత అదే. మూడో అంతస్తుకి చెద రానే రాదని కాదు, పైపుల సందుల్లోంచి, గోడ పగుళ్లలోంచి ఎక్కి రాగలదు. కానీ ఎక్కడో ఒకచోట మట్టి దారి లేకుండా రాదు.

చెద తినేది సెల్యులోజు, అంటే కర్రలో ఎక్కువగా ఉండే పదార్థం. దాన్ని అరిగించుకోవడానికి కడుపులోని సూక్ష్మజీవుల సాయం తీసుకుంటుంది. పుట్టలు పెట్టే రకాలైతే నమిలిన కర్ర మీద బూజు పెంచి ఆ బూజుతో పని జరిపించుకుంటాయి. సెల్యులోజే కాబట్టి దానికి కర్ర, కాగితం, గోనెసంచి, నూలు బట్ట అన్నీ ఒకటే. తినేటప్పుడు లోపల మెత్తని భాగాన్ని ముందు తినేసి, పైన రంగు వేసిన పొరని కాగితం మందాన అలా వదిలేస్తుంది. వేలితో నొక్కితే లోపలికి దిగిపోతుంది, విప్పి చూస్తే పొరల మధ్య మట్టి ఉంటుంది. కన్నాలు ఉండవు, పిండి రాలదు. బయటికి రావలసిన అవసరమే దానికి లేదు, రాల్చుకోవడానికి మిగిలేది కూడా లేదు, పెంటనంతా మట్టిలో కలిపి కట్టుబడికి వాడేస్తుంది. తొలకరి వానకి దీపం చుట్టూ మూగి రెక్కలు రాల్చుకునే ఉసుళ్లు ఈ జాతివే, కొత్త కాపురాలు పెట్టడానికి బయల్దేరిన చెదలు.

ఇక పిండి రాల్చే పురుగు. మన వడ్రంగులు దీన్ని పుచ్చు అంటారు, పుచ్చు పురుగు అంటారు. ఇది పెంకు రెక్కల పురుగుల కుటుంబం, అంటే బియ్యంలో పట్టే ముక్కపురుగుకి దూరపు చుట్టం. సంస్కృతంలో దీన్ని ఘుణం అన్నారు. పురుగు తొలుచుకుంటూ పోతే కర్ర మీద అనుకోకుండా అక్షరంలాంటి ఆకారం పడటాన్ని బట్టే ఘుణాక్షరన్యాయం పుట్టింది. అంటే మన పెద్దలు దీన్ని చెదతో కలపకుండా విడిగానే చూశారు.

దీనికి గుంపు లేదు, రాణి లేదు, పుట్ట లేదు. ఒక్కో పురుగుది విడి బతుకు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పిండిపుచ్చు రకంలో పెద్ద పురుగు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల పొడవుంటుంది, సన్నగా, చదునుగా, గోధుమరంగులో. ఆడపురుగు కర్రని కొద్దిగా కొరికి చూస్తుంది. తన పిల్లలకి తిండి ఉందని తేలితే, కర్రలో నీళ్లు పారడానికి ఉండే సన్నని గొట్టాల నోళ్లలో గుడ్లు పెడుతుంది. గుడ్లలోంచి వచ్చిన తెల్లని లార్వాలు కర్ర లోపలే నెలల తరబడి తింటూ తిరుగుతాయి. ఈ కాలమంతా బయట ఒక్క గుర్తు కూడా ఉండదు. తిండి బాగా ఉండి వెచ్చగా ఉంటే మూడు నాలుగు నెలల్లో, లేకపోతే ఏడాదికో ఇంకా ఆలస్యంగానో లార్వా ప్యూపాగా మారి, రెక్కలు తెచ్చుకుని, పైపొరని కొరికి బయటపడుతుంది. ఆ బయటపడిన దారే మనకి కనిపించే కన్నం. పాలిష్‌నీ, పైన అతికిన సన్‌మైకానీ కూడా కొరుక్కుని వచ్చేస్తుంది.

ఇక్కడే అందరూ పొరబడతారు. కన్నం చూసి పురుగు లోపలికి వెళ్లిందనుకుంటారు. పిండిపుచ్చు విషయంలో కన్నం అంటే పురుగు వెళ్లిపోయిన గుమ్మం. కన్నం కనపడేసరికి ఆ పురుగు తిండి, పెరుగుదల అన్నీ ముగిశాయి. మనం పట్టించుకోవలసింది దాని వెనక లోపల ఇంకా ఉన్నవాటి గురించి, అది బయటికొచ్చి మళ్లీ గుడ్లు పెట్టబోయే చోటు గురించి.

ఇది ఏం తింటుందో తెలిస్తే మిగతా కథంతా విడిపోతుంది. పిండిపుచ్చు లార్వాకి సెల్యులోజు అరగదు. దానికి కావలసింది కర్రలో నిల్వ ఉన్న పిండిపదార్థం, కొద్దిగా చక్కెర, మాంసకృత్తులు. బతికున్న చెట్టు ఆ పిండిపదార్థాన్ని దాచుకునేది బెరడుని ఆనుకుని ఉండే లేత రంగు భాగంలో. మధ్యలో ముదురు రంగులో ఉండే చేవలో ఆ నిల్వ ఉండదు. కాబట్టి పిండిపుచ్చు చేవని ముట్టదు. "చేవ ఉన్న కర్ర" అని మనవాళ్లు ఊరికే అనలేదు. టేకుకి పుచ్చు పట్టదన్న మాట చేవ వరకే నిజం. టేకు దుంగకైనా అంచున తెల్లచెక్క ఉంటుంది, దానికి పుచ్చు పడుతుంది. తొందరగా కొట్టేసిన తోట టేకులో ఆ తెల్లభాగం వాటా ఎక్కువ. బూరుగ, మామిడి, రబ్బరు చెక్కలాంటి వాటిలో ముదురు చేవ అని వేరుగా దాదాపు కనపడదు. అందుకే రబ్బరు చెక్కని కోసిన వెంటనే మందు ద్రావణం ఎక్కించకపోతే నిలవదు. పైన్ చెక్కలో ఆ గొట్టాలే ఉండవు, గుడ్డు పెట్టే చోటు లేక పిండిపుచ్చు దాని జోలికి రాదు. అదే పైన్ చెక్కని చెద మాత్రం ఇష్టంగా తింటుంది. రెండు పురుగుల తేడా ఇంత స్పష్టంగా ఇంకెక్కడా కనపడదు.

ఏళ్లు గడిచేకొద్దీ కర్రలోని పిండిపదార్థం తగ్గుతూ వస్తుంది. అందువల్ల పిండిపుచ్చు కొత్త సామానుకి పట్టే జబ్బు. తాతలనాటి భోషాణం మీద పాత కన్నాలు కనపడితే కంగారుపడక్కర్లేదు, చాలావరకు అవి ఎప్పుడో ముగిసిన కథ. కిందటేడు చేయించిన మంచం కింద పిండి పడితేనే శ్రద్ధగా చూడాలి.

వెదురుది కూడా ఇదే కథ, కాకపోతే పురుగు రకం వేరు. వెదురు బొంగులో పిండిపదార్థం ఎక్కువ. వానాకాలం ముగిశాక కొట్టిన బొంగులో ఆ నిల్వ తక్కువగా ఉంటుంది, వేసవిలో కొట్టినదానిలో ఎక్కువ. కొట్టిన వెదుళ్లని కొన్ని వారాలు చెరువులోనో కాలవలోనో నానబెట్టే అలవాటు ఇందుకే. నీళ్లలో చక్కెరలూ పిండిపదార్థమూ పులిసి, కారిపోయి, పురుగుకి తిండి లేకుండా పోతుంది. ఆ వాసన భరించడం కష్టమే గానీ పని మాత్రం గట్టిది.

మీ ఇంట్లో పడినది ఏమిటో తేల్చుకోవడానికి వంటింటి సామాను గుర్తుపెట్టుకుంటే చాలు. రాలిన పొడిని రెండు వేళ్ల మధ్య నలపండి. మైదాలా, మొహానికి రాసుకునే పౌడరులా జారిపోతూ ఎక్కడా పలుకు తగలకపోతే పిండిపుచ్చు. దాని కన్నాలు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండుసూది తల పట్టేటంత, గుండ్రంగా. పొడి కాస్త ముతకగా ఉండి, కన్నం అగ్గిపుల్ల దూరేటంత పెద్దదైతే అది దాని దాయాది, కాస్త పెద్ద పెంకుపురుగు. ఆ రకంలో పెద్ద పురుగే గుడ్లు పెట్టడానికి కర్రలోకి తొలుచుకుపోతుంది కాబట్టి, అక్కడ కన్నం లోపలికెళ్లిన దారి కూడా కావచ్చు. చిటికెన వేలు పట్టేంత కన్నం, కింద ముతక రంపపు పొట్టు ఉంటే అది నల్ల తుమ్మెద పని, అది కర్రని తినదు, గూడు కోసం తొలుస్తుంది.

చిక్కల్లా ఒక్కచోట వస్తుంది. మట్టితో పని లేకుండా పొడి కర్రలోనే కాపురం ఉండే చెద రకం ఒకటుంది, సముద్రం దగ్గరి ఊళ్లలో ఎక్కువ. అదీ కన్నంలోంచి రాల్చి కుప్పలు పెడుతుంది. కానీ రాలేది పిండి కాదు, గసగసాల్లాంటి గింజలు. వేళ్ల మధ్య గరగరలాడతాయి. భూతద్దం పెట్టి చూస్తే ఒక్కో గింజకీ ఆరు పలకలు కనపడతాయి. పిండి అయితే పుచ్చు, గసగసాలైతే పొడిచెద, మట్టి అయితే నేలచెద.

అక్క ఇంటికి రెండో ఏడు మే నెలలో వెళ్లాను. పరుపు తీసి, దాని కింద అడ్డంగా వేసిన పట్టీలని ఒక్కొక్కటీ తిరగేశాం. పద్నాలుగు పట్టీల్లో తొమ్మిదింటికి కన్నాలు. తల వైపు బోర్డులో ఒక్క చోట, అంచున వేలెడు వెడల్పు తెల్లచారలో ఇంకో నాలుగు. కాళ్లకీ, పక్క చెక్కలకీ ఒక్కటీ లేదు. మట్టి ఎక్కడా లేదు. పొడి మైదాలా జారింది. మంచం చేసిన వడ్రంగిని పిలిచి అడిగితే ఏమీ దాచలేదు.

"కనపడే కర్రకే టేకు వేస్తామమ్మా. పరుపు కింద పట్టీలకి జంగిల్ వుడ్డే వేస్తారు ఎవరైనా. పాలిష్ కూడా అటు పెట్టం."

సగం సమాధానం అందులోనే ఉంది. చవక కర్ర, అంతా తెల్లచెక్క, పైన పాలిష్ లేక గొట్టాల నోళ్లు తెరిచే ఉన్నాయి. నా అంచనా ఏమిటంటే గుడ్లు అక్క ఇంట్లో పడినవి కావు, డిపోలోనే ఆ కర్రలో ఉండి మంచంతో పాటు ఇంటికొచ్చాయి. తొమ్మిది నెలలకి మొదటి పిండి రాలడం దానికి సరిపోతుంది. తల బోర్డు అంచున ఉన్నవి మాత్రం పట్టీల్లోంచి వచ్చినవాటి సంతానం కావచ్చు.

మందు గురించి ఆలోచించే ముందు పురుగు ఇంకా బతికుందా అన్నది తేల్చాలి. ఎందుకంటే లోపల పాత పిండి నిండి ఉన్న కర్రని కదిలించినా, మనిషి పడుకున్న అదురుకి కూడా ఏళ్ల తర్వాత పిండి రాలుతూనే ఉంటుంది. ఉన్న కన్నాలన్నిటి చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టాం. పిండంతా దులిపి, కింద నల్ల చార్టు కాగితం పరిచాం. మూడు వారాల తర్వాత చూస్తే పట్టీల్లో సున్నా లేని కొత్త కన్నాలు ఆరు, అంచులు పదునుగా, లోపల కర్ర తాజా రంగులో. పాత కన్నం లోపల మాసిపోయి నల్లబడి ఉంటుంది. కిటికీ గట్టు మీద చచ్చిన పురుగులు రెండు దొరికాయి, సాయంత్రం వేళ వెలుతురు వైపు ఎగిరి వచ్చి అక్కడ పడిపోతాయి. అనుమానం తీరింది. తల బోర్డుకి మాత్రం కొత్తవి ఏమీ రాలేదు.

అప్పటికే అక్క ఒక పని చేసి ఉంది. సిరంజితో ఒక్కో కన్నంలో కిరోసిన్ ఎక్కించింది. చాలా ఇళ్లలో చేసేదే. తగిలిన పురుగు చస్తుంది, నిజమే. కానీ లార్వా తిన్న దారుల్ని తన వెనకే పిండితో గట్టిగా దట్టించుకుంటూ పోతుంది, సూదితో పోసినది ఆ పిండిలో కొద్దిదూరంలోనే ఇంకిపోతుంది. పైగా బతికున్న లార్వాలు అసలు కన్నమే లేని చోట ఉంటాయి. ఇన్ని కష్టాలు పడి చివరికి కిరోసిన్ తాగిన మంచం మీద పడుకోవడం మిగులుతుంది. ఎండలో పెట్టడం కూడా అంతే. పురుగు చావాలంటే కర్ర పైన కాదు, నడిమధ్యన వేడెక్కాలి. విదేశాలకి సరుకు పంపే చెక్క పెట్టెలకి అంతర్జాతీయంగా పెట్టిన నియమం, కర్ర లోపలి వరకూ 56 డిగ్రీల వేడి, అర్ధగంట సేపు. మన రోహిణి ఎండలో సన్నని వెదురు తట్టకి అది దక్కవచ్చేమో గానీ రెండంగుళాల మందం చెక్కకి దక్కుతుందని నమ్మకూడదు.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ధాన్యం నిల్వల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల్ని మంచం పెట్టెలోనో అల్మారాలోనో పెడితే పుచ్చు చస్తుందని కొందరు సలహా ఇస్తారు. గాలి తేమ తగలగానే ఆ బిళ్లలోంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు మనుషుల్ని చంపుతుంది. మూసిన గదుల్లో పడుకున్న కుటుంబాలు అలా పోయాయి. దాన్ని వాడే హక్కు శిక్షణ, అనుమతి ఉన్నవాళ్లకే ఉంది. ఇంట్లోకి ఆ బిళ్ల రానివ్వకండి, ఎవరు చెప్పినా సరే.

మేం చేసింది చిన్న పని. పద్నాలుగు పట్టీలూ తీసేశాం, కన్నాలు లేని ఐదింటిని కూడా, వాటిలో లేదని చెప్పలేం కాబట్టి. అదే రోజు బయటికి పంపి కాల్పించాం, పాత సామాను గదిలో పెడితే అక్కణ్నుంచే మళ్లీ ఎగిరొస్తాయి. కొత్త పట్టీలకి కర్ర కొన్నప్పుడు పాలిష్ లేకుండానే తెప్పించి ముందు వెలిగారం ద్రావణం పట్టించాం. లీటరు గోరువెచ్చని నీళ్లలో అరవై గ్రాముల వెలిగారం, నలభై గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన కొసలకి, బ్రష్‌తో మూడు పూతలు. ఒక పూత ఇంకుతుండగానే ఇంకోటి వేయాలి. వారం ఆరనిచ్చి పాలిష్ వేశారు. తల బోర్డు తెల్లచార దగ్గర పాలిష్‌ని ఉప్పుకాగితంతో గీకించి అదే ద్రావణం రాశాం, పాలిష్ మీద రాస్తే ఒక్క చుక్క లోపలికి పోదు. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, ఆ నీళ్లు పిల్లలకి అందే చోట ఉంచకూడదు.

ఈ ద్రావణానికీ హద్దులున్నాయి. ఎండిన కర్రలోకి అది దిగేది కొద్ది మిల్లీమీటర్లే. నడిమధ్యన ఉన్న లార్వాని అది వెతుక్కుంటూ వెళ్లదు. దాని పని వేరు, పైపొరలో విషం ఉంచి, కొత్తగా పెట్టిన గుడ్లలోంచి వచ్చే లార్వా మొదటి ముద్దకే చచ్చేలా చూడటం, లోపలినుంచి కొరుక్కుని వచ్చేదానికి కూడా చివర్లో ఆ పొరే అడ్డం పడటం. కాబట్టి మందు రాసిన తర్వాత కూడా ఒకటి రెండు కన్నాలు పడితే మందు చెడిపోయిందని కాదు. మూడో ఏడు కూడా పడుతుంటే మాత్రం ఆ ముక్కని మార్చేయాలి. ఇంకో మాట, వెలిగారం నీళ్లలో కరుగుతుంది, వానకి తడిసే తలుపుకి రాస్తే కడుక్కుపోతుంది.

మంచం, బీరువా చేయించుకునేవాళ్లు వడ్రంగిని అడగవలసింది టేకా కాదా అని మాత్రమే కాదు. కనపడని ముక్కలకి ఏ కర్ర వేస్తున్నారు, తెల్లచెక్క ఎంత పోతోంది, లోపలి వైపు కూడా పాలిష్ పడుతుందా అని అడగండి. ప్లైవుడ్డు తెప్పించేటప్పుడు పురుగు మందు ఎక్కించినదేనా అని బిల్లు మీద రాయించుకోండి. కొన్న కర్రని వేసే ముందు పక్కలు ఒకసారి తడితే, గుండుసూది తలంత కన్నాలు గానీ మెత్తని పౌడరు గానీ ఉంటే అక్కడే తేలిపోతుంది.

ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి. నల్ల చార్టు కాగితం ఇంకా అక్క మంచం కిందే ఉంది. మొదటి ఏడు తల బోర్డు దగ్గర ఒక కొత్త కన్నం పడింది, దాని చుట్టూ సున్నా చుట్టి తేదీ వేశాం. రెండో ఏడు ఏమీ పడలేదు.